పద్ధెనిమిదో పుట్టినరోజు

2025 జులైలో ఒకరోజు, పొయ్యిమీద పప్పు పెట్టి తాలింపు గింజలు వెతుక్కుంటుంటే మా పెద్ద ఆడపడుచు గుమ్మంలో నిలబడింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, వెనక కొంగు పట్టుకుని కూతురు. బోధన్ పక్క పల్లె నుంచి పొద్దుటి బస్సుకు వచ్చారు.

“పిల్ల పింఛన్ బంద్ అయిందే. పోస్టాఫీసాయన వేలిముద్ర పెట్టమనె, పెట్టిచ్చిన. జాబితాల పేరే లేదంటడు. మేమేం తప్పు జేసినం?” అంది వదిన, కూర్చోకుండానే.

మా మేనకోడలికి బుద్ధిమాంద్యం. చిన్నప్పటి నుంచీ ఫిట్స్ కూడా ఉన్నాయి. మా అన్నయ్య శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో సీజను కార్మికుడు. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతబడ్డాక చెరకు బళ్లూ పోయాయి, ఆయన పనీ పోయింది. ఇప్పుడు ఇంకొకరి ట్రాక్టరు నడుపుతున్నారు. ట్రాక్టరుకు పని ఉన్న నెల కూలి, లేని నెల అప్పు. ఆ ఇంట్లో తేదీ ప్రకారం వచ్చే డబ్బు ఒకటే, పిల్ల పింఛను. 2014 నవంబరులో ఆసరా మొదలైనప్పుడు వికలాంగులకు నెలకు 1,500. 2019లో అది 3,016 అయింది, 2023 జులై నుంచి 4,016. అందులోంచే ఫిట్స్ మాత్రలు వస్తాయి.

కవరులోంచి సర్టిఫికెట్ తీసి చూశాను. మడతల దగ్గర చిరిగి, సెలోటేపుతో అతికించి ఉంది. పిల్ల ఫోటో, 75 శాతం అన్న అంకె, సంతకాలు. వదిన ఇన్నేళ్లుగా ఆ 75నే చూస్తోంది. దాని కింద ‘తాత్కాలికం’ అని ఉంది, పక్కన ఒక తేదీ ఉంది. పిల్లకు పద్ధెనిమిదేళ్లు నిండిన రోజు అది. జూన్‌లో వెళ్లిపోయింది.

“తక్కువైతదని రాసిండ్రా ఏంది? ఇది తక్కువయ్యే రోగమా?” అంది వదిన.

కాదు. 2018 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన మార్గదర్శకాల్లో బుద్ధిమాంద్యానికి ఇలా రాశారు. అయిదేళ్లలోపు పిల్లలకు ఎదుగుదల ఆలస్యమనే చెప్పి కొద్దికాలానికే సర్టిఫికెట్ ఇస్తారు. తర్వాత అయిదో ఏట, పదో ఏట, పద్ధెనిమిదో ఏట మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. పద్ధెనిమిది నిండాక ఇచ్చేది జీవితాంతం చెల్లుతుంది. ఎదిగే వయసులో పిల్లల తెలివితేటలు, అలవాట్లు మారతాయి కాబట్టి ఈ పద్ధతి పెట్టారు. పద్ధతిలో తప్పు లేదు. ఆ సంగతి తల్లికి ఎవరూ చెప్పకపోవడమే తప్పు.

వదిన మా ఇంటికి రాకముందే రెండుసార్లు తిరిగింది. ‘సంక్షేమం’ అన్న బోర్డు చూసి ముందు ఒక ఆఫీసుకు వెళ్లింది. మా పని కాదన్నారు. పింఛను పని కదా అని మండలానికి వెళితే, సర్టిఫికెట్ లేనిదే మేమేమీ చేయలేమన్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. మనం అందరం ‘వెల్ఫేర్ ఆఫీసు’ అని ఒక్క మాటగా అనేస్తాం గానీ, ఇవి వేరువేరు గుమ్మాలు. శాతం తేల్చి సర్టిఫికెట్ ఇచ్చేది సర్కారు దవాఖానలోని డాక్టర్ల బోర్డు. ఆ బోర్డు ముందుకు వెళ్లడానికి దరఖాస్తు కంప్యూటర్‌లో పెట్టాలి. పింఛను జాబితా మాత్రం పల్లెలో అయితే మండల పరిషత్తు దగ్గర, పట్నంలో అయితే మున్సిపాలిటీ దగ్గర ఉంటుంది. ముందు దరఖాస్తు, తర్వాత దవాఖాన, చివర మండలం. ఈ వరుస తప్పితే బస్సు చార్జీలే దండగ.

ఇంకొక మార్పు కూడా ఉంది. ఇదివరకు మన దగ్గర ‘సదరం’ సర్టిఫికెట్లు ఇచ్చేవారు. 2025లో తెలంగాణలో దాని బదులు దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డు పద్ధతి వచ్చింది. దరఖాస్తు swavlambancard.gov.in లో పెట్టాలి. మా వారు ఇంటర్నెట్ సెంటరుకు తీసుకెళ్లి పెట్టించారు. ఆధార్, ఫోటో, పాత సర్టిఫికెట్, ఫోను నంబరు ఇచ్చాం. అక్కడ ఇచ్చే నమోదు సంఖ్య చీటీని పోగొట్టుకోవద్దు. పిలుపు ఫోనుకే వస్తుంది గనక, ఇంట్లో నిలకడగా ఉండే నంబరే ఇవ్వాలి. అన్నయ్య ఏడాదికి రెండు సిమ్ములు మారుస్తాడు కాబట్టి నా నంబరు రాయించాం. సెప్టెంబరులో పిలుపు వచ్చింది.

అసలు చెప్పదలచుకున్నది ఆ రోజు సంగతే.

వదిన ముందురోజు రాత్రే వచ్చి, పొద్దున్నే పిల్లకు తలంటింది. రెండు జడలు వేసి, పండక్కి కొన్న డ్రెస్సు వేసి, బొట్టుబిళ్ల దిద్దింది. పదిమందిలోకి తీసుకెళ్తున్నాం, ‘అయ్యో పాపం’ అనిపించుకోకూడదని ఆమె తాపత్రయం. ఏ తల్లికి ఉండదు?

లోపల మనస్తత్వ నిపుణురాలు ముందు పిల్లతోనే బొమ్మలతో, బిళ్లలతో ఏవో చేయించింది. తర్వాత వదినను ప్రశ్నలడిగింది. ఈ ప్రశ్నల పట్టికను వైన్‌ల్యాండ్ సామాజిక పరిపక్వత కొలమానం అంటారు. మన దేశానికి తగ్గట్టు మార్చిన దాంట్లో 89 అంశాలున్నాయి. తినడం, బట్టలు కట్టుకోవడం, మాట్లాడడం, బయటికి వెళ్లడం, నలుగురితో మెలగడం వంటివన్నీ అందులో వస్తాయి. చాలావరకు జవాబు చెప్పేది తల్లే.

“తనే స్నానం చేస్తుందా?”

“జేస్తది మేడం.”

“బట్టలు?”

“ఏసుకుంటది.”

“దుకాణానికి ఒక్కతే వెళ్లి సామాను తెస్తుందా?”

“ఓ, తెస్తది. ఎందుకు తేదు?”

నాకు గుండె ఝల్లుమంది. ఆ మార్గదర్శకాల్లోనే ఈ కొలమానం మార్కులకు శాతాలు కట్టారు. 36 నుంచి 54 మధ్య వస్తే 75 శాతం. 55 నుంచి 69 అయితే 50 శాతం. 70 దాటి 84 లోపు అయితే 25 శాతమే. ఈ వైకల్యానికి పింఛను రావాలంటే కనీసం 40 ఉండాలి. 75 కాస్తా 50కి దిగినా పింఛను ఆగదు. కానీ తల్లి అభిమానం కొద్దీ ప్రతిదానికీ ‘చేస్తది’ అంటూ పోతే, లెక్క ఆ గీత దాకా జారినా జారవచ్చు.

“వదినా, సబ్బు ఎవరు రాస్తారు? నీళ్లు తొణికి ఎవరు పోస్తారు?” అన్నాను మెల్లగా.

వదిన నా వంక చూసింది. తర్వాత కూతురి వంక చూసింది. పిల్ల బొమ్మల పెట్టె మూత తీస్తూ పెడుతూ ఉంది. ఆమె ముందు ఆమె గురించి చెప్పాలి. వదిన నోరు పెగల్లేదు. నేను పిల్లను వరండాలోకి తీసుకెళ్లాను. తలుపు అవతల నుంచి వదిన గొంతు వినిపిస్తూనే ఉంది. సబ్బు తను రాస్తుంది. లంగా బొందు తను కడుతుంది. దుకాణం ఎదురిల్లే, చీటీలో డబ్బు చుట్టి చేతిలో పెడితే షావుకారే చదివి సామాను ఇస్తాడు, చిల్లర లెక్క పిల్లకు తెలియదు. నెలసరి వచ్చిందని బట్ట చూస్తే గానీ తెలియదు, చెప్పదు. మాత్ర మింగిందో ఉమ్మిందో నోరు తెరిపించి చూడాలి.

బయటికి వచ్చి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “నా బిడ్డ మీద నేనే చాడీలు జెప్పినట్టున్నదే” అంది.

చాడీ కాదు వదినా, అది నీ దినచర్య అన్నాను. ఆ కొలమానంలో చూసేది ‘ఒక్కసారైనా చేయగలదా’ అని కాదు, ‘రోజూ తనంతట తను చేస్తుందా’ అని. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా అంతా తల్లి చాకిరీయే. మనం ఆ చాకిరీని ఎన్నడూ లెక్క చెప్పుకోం గనక పిల్ల అన్నీ చేస్తున్నట్టే మనకూ అనిపిస్తుంది. అలాగని లేనిది కల్పించమని కాదు. పిల్లను కూడా విడిగా పరీక్షిస్తారు కాబట్టి కల్పన నిలవదు, అవసరమూ లేదు. వెళ్లేముందు ఒక వారం పాటు ఒక నోటుబుక్కులో ఏ పని ఎవరి చేత్తో జరిగిందో రాసుకుంటే చాలు. చదువు రాకపోతే బడికి వెళ్లే పిల్ల చేత రాయించుకోవచ్చు. ఫిట్స్ మందుల చీటీలు, ఎక్కడైనా చదివి ఉంటే బడి కాగితాలు దాంతో పెట్టుకోవాలి. పిల్ల ముందు చెప్పలేకపోతే ఆ మాటే అడగాలి. అడిగితే ఆమె కాదనలేదు.

అక్టోబరులో కొత్త సర్టిఫికెట్ వచ్చింది. 75 శాతం, ఈసారి శాశ్వతం. దాన్ని మండలంలో ఇచ్చాక నవంబరు నుంచి పేరు మళ్లీ ఎక్కింది. జులై నుంచి అక్టోబరు వరకు నాలుగు నెలలది, 16,064 రూపాయలు, రాలేదు.

ఆ నాలుగు నెలల్లో జరిగింది వదిన నాకు తర్వాత చెప్పింది. ఆగస్టులో చేతిలో డబ్బు లేక, రోజుకు రెండు మాత్రలకు బదులు ఒకటే వేసింది. ఎక్కువ రోజులు వస్తాయని. పదోరోజున పిల్లకు పొయ్యి దగ్గర ఫిట్ వచ్చింది. అదృష్టం, అప్పటికి పొయ్యి ఆరిపోయి ఉంది. ఫిట్స్ మాత్రలు డాక్టరు చెప్పకుండా తగ్గించకూడదని వదినకు తెలుసు. తెలిసీ తగ్గించింది.

నా మాట ఒక్కటే. ఆ గడువు తేదీ కంప్యూటర్‌లో ఉంది. ఉంది కాబట్టే ఆ నెల రాగానే పేరు ఆగిపోయింది. పేరు ఆపడానికి గుర్తున్న తేదీ, మూడు నెలల ముందు ఒక చీటీ ఇవ్వడానికి ఎందుకు గుర్తుండదు? ప్రతి నెలా డబ్బు లెక్కపెట్టి ఇచ్చే మనిషి ఆ ఊళ్లోనే ఉన్నాడు. ‘అమ్మా, జూన్‌తో అయిపోతుంది, ఇప్పుడే దరఖాస్తు పెట్టుకో’ అని ఆయన చేత చెప్పించవచ్చు. గడువులోపే దరఖాస్తు పెట్టుకున్న వాళ్లకు, బోర్డు పిలిచి ఏ సంగతీ తేల్చేదాకా పింఛను ఆపకూడదు. క్యూ పొడుగ్గా ఉండడం పిల్ల తప్పు కాదు.

అది జరిగేదాకా మన జాగ్రత్త మనది. ఇంట్లోనో, పక్కింట్లోనో, మన ఇంట్లో పనిచేసే అమ్మ ఇంట్లోనో ఇలాంటి సర్టిఫికెట్ ఉంటే ఇవాళే తీయించి శాతం కింద ఏముందో చదవండి. ‘తాత్కాలికం’ అని ఉంటే ఆ తేదీకి ఆరు నెలల ముందు కేలండరులో గుర్తు పెట్టండి.

పద్ధెనిమిది నిండితే ఇంకొక పని కూడా పడుతుంది. చట్టం దృష్టిలో పిల్ల మేజరు గనక, బ్యాంకులోనో ఆస్తి కాగితాల మీదనో తల్లి సంతకం దానంతట అది చెల్లదు. బుద్ధిమాంద్యం ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, జిల్లా కలెక్టరు ఉండే స్థానిక కమిటీ తల్లిదండ్రులను సంరక్షకులుగా నియమిస్తుంది. వదిన ఆ దరఖాస్తు ఇంకా పెట్టలేదు. సంక్రాంతికి వచ్చినప్పుడు పెట్టిద్దామనుకున్నాం.

ఇప్పుడు మా వంటింటి కేలండరులో పాలవాడి లెక్క పక్కన ఆ పని కూడా రాసి ఉంది.