నాలుగింట ఒక బొమ్మని చంపే రీస్టోరేషన్

చిల్పూర్ ఇంట్లో తాతకి ‘మా భూమి’ పెట్టాను, గౌతమ్ ఘోష్ 1979లో తీసింది. గద్దర్ పాట దగ్గర ఆయన ముందుకి వంగి చూసి, “గిదేందిరా, ఆగి ఆగి కదుల్తున్నది? నెట్టు లేదా?” అన్నాడు. నెట్ బాగానే ఉంది. వీడియో పేరులోనేమో ‘రీస్టోర్డ్ హెచ్‌డీ’ అని ఉంది. నా కోపం ఆ మాట మీదే.

సినిమా సెకనుకి 24 ఫ్రేములు. అమెరికా టీవీకి సెకనుకి దాదాపు 60 సగం బొమ్మలు కావాలి, సరి గీతలవి ఒకటి, బేసి గీతలవి ఒకటి. వీటిని ఫీల్డులంటారు. 24ని 60లో సర్దడానికి ఒక ఫ్రేముకి రెండు ఫీల్డులు, తర్వాతి ఫ్రేముకి మూడు ఇస్తారు. అదే పుల్‌డౌన్. అంటే ఒక బొమ్మ సెకనులో ముప్పయ్యో వంతు నిలబడితే, పక్కది ఇరవయ్యో వంతు నిలబడుతుంది. తాత కన్ను పట్టుకున్న కుంటినడక ఇదే.

ఇలా అ, ఆ, ఇ, ఈ అనే నాలుగు ఫ్రేములు ఐదు వీడియో ఫ్రేములవుతాయి: అఅ, ఆఆ, ఆఇ, ఇఈ, ఈఈ. మధ్యలో ‘ఇ’ని చూడండి. దానికంటూ సొంత ఫ్రేము లేదు. సగం ఒకచోట, సగం ఇంకోచోట. ఆ రెండు ఫ్రేముల్లో కదిలే వస్తువుల అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తాయి.

కానీ ఏదీ పోలేదు. ఫీల్డుల్ని మళ్లీ జతకట్టి, అదనంగా వచ్చిన ఐదోదాన్ని తీసేస్తే అసలు 24 తిరిగొస్తాయి. ఒక్క లైను పని:

```
ffmpeg -i in.vob -vf fieldmatch,decimate out.mkv
```

మన ‘రీస్టోరర్లు’ చేసేది వేరు. దువ్వెన పళ్లు కనపడగానే కంగారుపడి రెండు ఫీల్డుల్నీ కలిపి నునుపు చేస్తారు. ఆపైన షార్పెన్ చేసి, రంగు దిద్ది, సైజు పెంచి, అప్‌లోడ్. ఆఇ, ఇఈ రెండూ దయ్యాల నీడలైపోతాయి. ‘ఇ’ ఇక ఎక్కడా శుభ్రంగా లేదు. సెకనుకి ఆరు బొమ్మలు, నాలుగు నిమిషాల పాటలో 1,440. దుమ్ము తుడుస్తామని చెప్పి పేజీలు చింపడమంటే ఇదే కదా!

అనుమానముంటే పాజ్ చేసి, కెమెరా పక్కకి తిరిగే చోట ఒక్కో ఫ్రేమూ జరపండి. మూడు శుభ్రం, రెండు పళ్లు ఉంటే ఇంకా దక్కించుకోవచ్చు. మూడు శుభ్రం, రెండు నీడలు ఉంటే ఆలస్యమైపోయింది. లెక్క ప్రకారం నీడలోంచి పక్క ఫ్రేముని తీసివేసి కొంత లాగొచ్చు గానీ, యూట్యూబ్ కుదింపు తర్వాత మిగిలేది మురికే.

ఆ ఒక్క లైనూ మంత్రం కాదు, ఒప్పుకుంటాను. పుల్‌డౌన్ అయ్యాక వీడియోలో కోత పడితే కోత దగ్గర జత దొరకని ఫీల్డు మిగులుతుంది. ఛానల్ వాళ్లు పైన జరిపే అక్షరాలు వీడియో లయలో కదులుతాయి కాబట్టి వాటికి పళ్లు మిగులుతాయి. మిగలనివ్వండి. అక్షరాల కోసం గద్దర్‌ని నునుపు చేయక్కర్లేదు.

తాత చూసిన కాపీలో మూడు శుభ్రం, రెండు నీడలు. అసలు డిస్కు ఫైల్ ఉందా అని ఆ ఛానల్‌కి రాశాను. హార్డ్‌డిస్క్ నిండిపోతే పాతది డిలీట్ చేశామని, హెచ్‌డీ ఉంది కదా అని జవాబొచ్చింది.