వెసులుబాటు ఎవరికి? నష్టం ఎవరికి?

హోసూరులో మొన్నొక సాయంత్రం నలుగురం కూర్చుని తెలుగు బడుల సంగతి మాట్లాడుకుంటుంటే, రిటైరైన ఒక మాస్టారు ఇలా అన్నారు: "యూరప్‌లో లాగా మన ఆసియాకూ ఒక మానవ హక్కుల న్యాయస్థానం ఉంటే, మన పిల్లల గొడవ ఎప్పుడో తీరిపోయేది." ఆయన మీద నాకు ఎంతో గౌరవం. కానీ ఆ మాట ఒప్పుకోలేను. ఆసియాకు అలాంటి న్యాయస్థానం లేని మాట నిజమే. ఉన్నచోట ఏం జరిగిందో చూసి ఆశ పడదాం.

ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గులో ఉన్న యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం కింద ఇప్పుడు 46 దేశాలున్నాయి. అక్కడ 'మార్జిన్ ఆఫ్ అప్రీసియేషన్' అని ఒక సూత్రం నడుస్తోంది. మా బ్యాంకు భాషలో చెప్తాను. బ్రాంచి మేనేజరుకు ఇంతవరకు అప్పు తానే శాంక్షన్ చేయవచ్చని విచక్షణాధికారం ఇస్తారు. ఊరివాళ్ళ సంగతి ఆయనకు తెలుస్తుంది గనక, ఆ పరిధిలో రీజనల్ ఆఫీసు వేలు పెట్టదు. అలాగే, స్థానిక పరిస్థితులు ప్రభుత్వానికే బాగా తెలుసు గనక కొంతమేరకు దాని నిర్ణయాన్ని మేము తిరగదోడం అంటుంది ఆ న్యాయస్థానం. 1976లో హాండీసైడ్ అనే ఇంగ్లండు ప్రచురణకర్త కేసులో ఈ సూత్రానికి పూర్తి రూపం వచ్చింది. బడిపిల్లల కోసం వేసిన పుస్తకంలో అశ్లీలం ఉందని ప్రభుత్వం ప్రతులను జప్తు చేసింది. నీతి గురించి యూరప్ అంతటికీ ఒకే అభిప్రాయం లేదు, అది ఆ దేశమే చూసుకోవాలి అని న్యాయస్థానం జప్తును సమర్థించింది.

పుస్తకం సంగతి అలా ఉంచి, భాష సంగతికి వద్దాం. సూత్రానికి ఆ పేరు స్థిరపడక ముందే, 1968లో బెల్జియం భాషా వివాదం మీద తీర్పు వచ్చింది. డచ్చి ప్రాంతంలో ఉన్న ఫ్రెంచి కుటుంబాలు, 800 మందికి పైగా పిల్లల తరఫున, తమ భాషలో బడి కావాలని వెళ్ళాయి. చదువుకునే హక్కు ఉంది గానీ, తల్లిదండ్రులు కోరిన భాషలో చదివించమని ప్రభుత్వాన్ని అడిగే హక్కు ఒడంబడికలో లేదని తీర్పు చెప్పారు. ఒక్క చోట మాత్రం తప్పు పట్టారు. బ్రస్సెల్స్ పొలిమేరలోని ఆరు ఊళ్ళలో ఫ్రెంచి బడులున్నా, తల్లిదండ్రుల కాపురం ఆ ఊళ్ళలో లేదన్న ఒక్క కారణంతో పిల్లలను చేర్చుకోలేదు. అక్కడి డచ్చి బడులకు ఆ నిబంధన లేదు. ఆ పాటి ఊరట కూడా ఎనిమిది మంది న్యాయమూర్తులు ఔనంటే, ఏడుగురు కాదంటే వచ్చింది.

2001లో సైప్రస్ కేసులో మాత్రం న్యాయస్థానం నిటారుగా నిలబడింది. ఉత్తర సైప్రస్‌లో మిగిలిన గ్రీకు పిల్లలకు ప్రాథమిక బడి గ్రీకులోనే ఉండేది. తర్వాత గ్రీకు హైస్కూలు లేదు. టర్కిష్‌లోనో ఇంగ్లీషులోనో చదవాలి, లేదా ఇల్లు విడిచి దక్షిణానికి పోవాలి. ఒక భాషలో మొదలుపెట్టించి మధ్యలో తెంచేయడం చదువుకునే హక్కును కాదనడమే అన్నారు. ఐదో తరగతి దాకా తెలుగులో చదివించి, ఆపైన ఏం చేయాలో తోచక నిలబడ్డ తల్లిదండ్రులకు ఈ మాట విలువ వేరే చెప్పాలా?

అయితే 2023లో లాట్వియా కేసు వచ్చేసరికి గాలి మళ్ళింది. ఏడు నుంచి తొమ్మిదో తరగతి దాకా కనీసం 80 శాతం బోధన లాట్వియన్‌లోనే ఉండాలని 2018లో చట్టం మార్చారు. రష్యన్ మాట్లాడే కుటుంబాలు వివక్ష అన్నాయి. సోవియట్ కాలంలో లాట్వియన్ అణగిపోయిందన్న చరిత్రను, దేశ ఐక్యతను చూసి, ప్రభుత్వానికి ఆ వెసులుబాటు ఉందన్నారు. లాట్వియా గాయం నిజమైనదే, నేను కాదనను. కానీ ఆ గాయం చేసింది ఇప్పటి ఏడో తరగతి పిల్ల కాదు గదా!

ఈ సూత్రం మీద అసలు విమర్శ ఇక్కడే. ఎయాల్ బెన్వెనిస్తి అనే న్యాయశాస్త్ర పండితుడు 1999లోనే దీన్ని ఎత్తి చూపాడు. మెజారిటీ తన మీద తాను పెట్టుకున్న నిబంధన తప్పయితే, వచ్చే ఎన్నికల్లో తానే దిద్దుకుంటుంది. అక్కడ న్యాయస్థానం వెనక్కి తగ్గినా ప్రమాదం తక్కువ. మెజారిటీ నిర్ణయం మైనారిటీ మీద పడినప్పుడు, ఓట్లలో ఎప్పటికీ గెలవలేని వాడికి మిగిలిన తలుపు న్యాయస్థానం ఒక్కటే. ఆ తలుపు దగ్గర కూడా 'మీ ప్రభుత్వాన్నే అడుగు' అంటే ఎలా? అప్పు ఎగ్గొట్టాడన్న నేరం మోపినవాడినే ఆడిటర్‌గా వేసినట్టు కాదూ? అదే న్యాయస్థానంలో న్యాయమూర్తిగా ఉన్న దె మేయెర్ 1997లో ఒక కేసులో విడిగా రాస్తూ, ఈ సూత్రాన్నే వదిలేయాలన్నాడు. వినలేదు. 2021 నుంచి దాన్ని ఒడంబడిక పీఠికలోకే ఎక్కించారు.

'స్థానిక పరిస్థితి చూడొద్దా?' అని అడుగుతారు. చూడాలి. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 1994లో ఫిన్లండులోని సామీ జాతి రెయిన్‌డీర్ కాపరుల ఫిర్యాదు విని, ఆ కేసులో ప్రభుత్వం తప్పు లేదనే తేల్చింది. కానీ దారి వేరు. ప్రభుత్వానికి ఎంత వెసులుబాటుందని కొలవలేదు. మైనారిటీకి ఇచ్చిన హామీ చెదిరిందా లేదా అని కొలిచింది. ఫలితం ఒకటే అయినా కొలబద్ద చేతులు మారలేదు. ఆ హామీ ఉన్న ఒడంబడికలో మన దేశం 1979లో చేరింది. వ్యక్తులు నేరుగా ఆ కమిటీకి ఫిర్యాదు చేసుకునే అదనపు ఒప్పందంలో మాత్రం చేరలేదు.

ఇక మన ఇంటికి వద్దాం. రాజ్యాంగం 350ఏ అధికరణం మాతృభాషలో ప్రాథమిక బోధనకు రాష్ట్రాలు 'ప్రయత్నించాలి' అంటుంది. ఆ ఒక్క క్రియాపదంలోనే ఎంత వెసులుబాటు! 2004లో మహారాష్ట్ర గుజరాతీ బడుల కేసులో మరాఠీని తప్పనిసరి చేయడాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. 2006 తమిళ అభ్యసన చట్టం మన పిల్లలకు తమిళం తప్పనిసరి చేసి, తెలుగును నాలుగో భాగంలో ఐచ్ఛికంగా కూర్చోబెట్టింది. ఆ చట్టం కింద ఒకటో తరగతిలో చేరిన తొలి పిల్లలు 2015-16లో పదికి చేరారు. తర్వాత మద్రాసు హైకోర్టు 2020 నుంచి 2022 దాకా తమిళ పరీక్ష మినహాయింపు ఇచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని మరో ఏడాది పొడిగించింది.

తమిళం నేర్చుకోవద్దని నేననను. హోసూరు బజారులో, కృష్ణగిరి కలెక్టరాఫీసులో బతకాలంటే అది కావాలి. నా పిల్లలూ నేర్చుకున్నారు. నేననేది ఒక్కటే: ఏటేటా పొడిగించే మినహాయింపు హక్కు కాదు, రెన్యువల్ మీద నడిచే ఓవర్‌డ్రాఫ్టు. ఇచ్చినవాడు ఎప్పుడైనా ఆపవచ్చు.

మాస్టారూ, న్యాయస్థానం ఎక్కడుందన్నది రెండో ప్రశ్న. ఏ కొలబద్దతో కొలుస్తుందన్నది మొదటిది. మేనేజరుకు అధికారం ఇచ్చినప్పుడు పరిధి రాసిస్తారు, కారణం ఫైల్లో పెట్టమంటారు, తర్వాత ఆడిట్ చేస్తారు. పిల్లవాడి భాష మీద ప్రభుత్వానికి అధికారం ఇచ్చేటప్పుడు ఆ మూడూ ఎందుకు అడగకూడదు? టీచరు పోస్టు ఎందుకు ఖాళీగా ఉంది, పుస్తకం ఎందుకు రాలేదు, ఇంతకంటే తక్కువ నష్టంతో తమిళం నేర్పే దారి చూశారా అని ప్రభుత్వాన్ని కారణాలు అడిగే న్యాయస్థానం ఢిల్లీలో ఉన్నా చాలు. అడగనిది స్ట్రాస్‌బర్గులో ఉన్నా మనకు ఒరిగేది లేదు.