ఆవిరి గిన్నెకి మహిమ లేదు

సూరత్ లింబాయత్‌లో మన తెలుగు నేత కుటుంబాల్లో పిల్లాడికి ముక్కు దిబ్బడేస్తే ఇప్పటికీ దుప్పటి కప్పి మరిగే నీళ్ళ గిన్నె ముందు కూర్చోబెడతారు. కాస్త స్తోమత ఉన్నవాళ్ళు హ్యుమిడిఫయర్ కొంటారు. వానాకాలంలో గోడలే చెమర్చే ఈ ఊళ్ళో ఇంకా తేమ ఎందుకయ్యా అని నేనడిగితే, "వేడికి క్రిములు చస్తాయి" అంటారు.

ఆ మాట పరీక్షకు నిలవలేదు. 1987లో ఇజ్రాయెల్‌లో వేడి ఆవిరి పనిచేసిందన్నారు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1990లోనూ, 1994లోనూ మళ్ళీ పరీక్షిస్తే ఆ ఫలితం రాలేదు. ముక్కు మూసుకుపోయేది ముఖ్యంగా లోపలి పొరలో రక్తనాళాలు ఉబ్బడం వల్ల. ఆవిరి ఆ వాపుని తగ్గించదు. గిన్నె ఒలికితే మాత్రం పిల్లాడి తొడలు కాలతాయి.

మరేం చెయ్యాలి? మందుల షాపులో 0.9 శాతం ఉప్పునీటి చుక్కలు దొరుకుతాయి. ఒక్కో ముక్కురంధ్రంలో రెండు చుక్కలు వేసి, నిమిషం ఆగి, పసిపిల్లలకైతే రబ్బరు బల్బుతో మెల్లగా చీమిడి లాగాలి. పాలు పట్టేముందు చేస్తే బిడ్డ సుఖంగా తాగుతుంది. ఇదీ మహిమేం కాదు. చీమిడి పలచబడి బయటికొస్తుంది, అంతే. జలుబు తన వారం పదిరోజులూ తీసుకునే పోతుంది. బిడ్డ డొక్కలెగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా గిన్నె వెతక్కండి, డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.