ఇంజిన్ పోతే క్లెయిమ్ మొత్తం పోదు

కూర్మన్నపాలెంలో తుఫాను నీళ్లలో మీ బైక్ మునిగింది అనుకోండి. ఎస్టిమేట్ 24,000. ‘నీళ్లలో స్టార్ట్ చేశారు, అందుకే ఇంజిన్ పోయింది’ అంటూ కంపెనీ క్లెయిమ్ మొత్తం కొట్టేసింది.

పాలసీ తీయండి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే ఏమీ రాదు. ఓన్ డ్యామేజ్ ఉంటే, అందులో వరద, తుఫాను పేర్లు ఉంటాయి. స్టార్ట్ చేయడం అనే అభ్యంతరం ఇంజిన్‌కే వర్తిస్తుంది.

అందుకే మెకానిక్‌తో ఎస్టిమేట్ విడగొట్టించండి: వైరింగ్, క్లీనింగ్ 9,000, ఇంజిన్ 15,000. ఆ 9,000 ఎందుకివ్వరో క్లాజ్ నంబర్‌తో అడగండి. అసలు స్టార్టే చేయలేదా? నీటి మట్టం ఫొటో, టోయింగ్ బిల్లు జతచేసి మొత్తం అడగండి.

ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి. నెలలో తేల్చకపోతే, లేదా మళ్లీ కాదంటే, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి ఏడాదిలోపు వెళ్లొచ్చు. ఫీజు లేదు.