కళ్ళలోకి చూడట్లేదట!

వీడియో ఇంటర్వ్యూ అయ్యాక "కళ్ళలోకి చూడట్లేదు, కాన్ఫిడెన్స్ లేదు" అని ఒక్క ముక్క రాసి కాండిడేట్‌ని రిజెక్ట్ చేసే మహానుభావులకో మాట. కెమెరా ఉండేది స్క్రీన్ పైఅంచున, మీ మొహం కనబడేది దాని కింద. నిజంగా మీ కళ్ళలోకి చూసేవాడే మీకు నేలచూపులు చూస్తున్నట్టు కనిపిస్తాడు. అది జామెట్రీ బాబూ, వ్యక్తిత్వం కాదు!

వీళ్ళు మారేదాకా మన జాగ్రత్త మనది. మీటింగ్ విండోని చిన్నది చేసి సరిగ్గా కెమెరా కిందికి జరపండి. కుర్చీ కూడా కాస్త వెనక్కి లాగండి. కెమెరాకీ అవతలి మొహానికీ 12 సెంటీమీటర్ల ఎడం ఉంటే, 50 సెంటీమీటర్ల దూరంలో కూర్చున్నప్పుడు చూపు 13 డిగ్రీలు పైనే వాలుతుంది, 80కి జరిగితే 9 లోపే. జూమ్‌లో Hide Self View నొక్కేస్తే మన మొహం మనకి కనబడే కంగారూ తప్పుతుంది.

ప్యానెల్లో ముగ్గురుంటే, ప్రశ్న అడిగినావిడ బొమ్మ వైపు తిరిగి జవాబు చెప్పడం దండగ. ఆ సంగతి ఆవిడకి తెలీదు. పేరు పెట్టి మొదలెట్టి, కెమెరాకే చెప్పండి.