"ట్రెయిల్ మెయిల్ చూడండి" అనేవాళ్ళకో దండం

మన ఆఫీసుల్లో మర్యాదగా చెలామణీ అయిపోయే బాధ్యతారాహిత్యం ఒకటుంది. దాని పేరు "ట్రెయిల్ మెయిల్ చూడండి". అంటే ఏంటి? "నేను చదవలేదు, నాకు అర్థం కాలేదు, నువ్వు చదివి ఏడువు" అని. ఈ ముక్క రాసి, ఇంకో నలుగుర్ని సీసీలో పెట్టి, ఫార్వార్డ్ కొట్టేసి టీకి వెళ్ళిపోయేవాళ్ళు ప్రతి ఫ్లోర్లోనూ ఉంటారు. ఒకప్పుడు నేనూ కొట్టినవాణ్ణే, కాబట్టి ఈ తిట్లలో నా వాటా నాకుంది.

సరే, అసలు విషయానికొస్తా. 2023 నవంబరు 9, గురువారం. దీపావళికి మూడు రోజులుంది, సగం టీమ్ ఊళ్ళకి టికెట్లు బుక్ చేసుకుని కూర్చుంది. బాలానగర్లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగేసరికి మా టీఎల్ మెసేజ్: "తమ్ముడూ, ఆ కటోవర్ థ్రెడ్డుకి ఒక సమ్మరీ కొట్టెయ్. రాత్రి క్లయింట్ కాల్ ఉంది. పది లైన్లు చాలు."

క్లయింట్ టెక్సాస్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ. ఆ రోజు ప్రీమియం ఎవరెవరు కట్టారో ఒక ఫైల్ వాళ్ళు రోజూ పంపిస్తారు, మా జాబ్ దాన్ని తీసుకుని పాలసీ ఖాతాల్లో ఎక్కిస్తుంది. ఈ పనిని పాత సర్వర్ నుంచి కొత్త సర్వర్‌కి మార్చాలి. థ్రెడ్డులో 74 మెయిల్స్, పదకొండు రోజులు, సీసీలో 19 మంది. మధ్యలో ఒకాయన సబ్జెక్ట్ లైన్ మార్చడంతో అది రెండుగా చీలింది కూడా.

పది లైన్లు చాలట! ఇక్కడే నా మొదటి పోట్లాట. సమ్మరీ అంటే మెయిల్స్‌ని కుదించడం అని మనవాళ్ళ నమ్మకం. 74 మెయిల్స్‌లో ఏం మాట్లాడుకున్నారో పది లైన్లలో చెబితే మిగిలేది పది లైన్ల గందరగోళమే. చెయ్యాల్సింది విడదీయడం. జరిగింది ఒక చోట, తేలింది ఒక చోట, తేలనిది ఒక చోట. థ్రెడ్డులో ఈ మూడూ పులిహోరలా కలిసిపోయి ఉంటాయి.

ముందు టైమ్‌లైన్ మొదలెట్టా, మొదటి అడుగులోనే బోల్తా పడ్డా. ట్రెయిల్లో కనిపించే Sent: టైము ఎవరిది అనుకుంటున్నారు? అది పంపినవాడిది కాదు, రిప్లై కొట్టినవాడి కంప్యూటర్ టైము. క్లయింట్ మేనేజర్ పంపిన ఒకే మెయిల్, మావాడి రిప్లై కింద రాత్రి 8:42 అనీ, డాలస్‌లో వాళ్ళవాడి రిప్లై కింద పొద్దున 10:12 అనీ కనిపిస్తుంది. టైమ్ జోన్ మాత్రం ఎక్కడా ఉండదు. ట్రెయిల్ చూసి వరస పేరిస్తే జవాబు ముందు, ప్రశ్న తర్వాత వస్తాయి. అందుకని అసలు మెయిల్ తెరిచి హెడర్ చూడాలి. అవుట్‌లుక్‌లో అయితే ప్రాపర్టీస్‌లో ఉంటుంది, జీమెయిల్లో అయితే "షో ఒరిజినల్" నొక్కాలి.

```
Date: Fri, 3 Nov 2023 10:12:44 -0500
In-Reply-To: <mail27@example.com>
```

ఆ -0500 చూశారా, అదే కావాల్సింది. కొన్ని సర్వర్లు అన్నిటికీ +0000 వేస్తాయి, అదీ ఫర్వాలేదు, తేడా తెలిస్తే చాలు. అన్నిటినీ మన టైములోకి మార్చి, మెయిల్స్‌కి 1 నుంచి 74 దాకా నంబర్లు వేశా. టైమ్‌లైన్‌కి ఒకటే రూలు పెట్టుకున్నా: ఆ మెయిల్ తర్వాత ఏదైనా మారిందా? మారకపోతే దానికి చోటు లేదు. "థాంక్స్ టీమ్", "ఎనీ అప్‌డేట్?" లాంటివన్నీ పోయాయి. చివరికి 9 వరసలు మిగిలాయి.

తర్వాత నిర్ణయాలు. హెడర్లో రెండో లైన్ అక్కరకొచ్చింది ఇక్కడే. క్లయింట్ మేనేజర్ రాసిన 31వ మెయిల్లో ఉన్నది ఒకటే మాట, "ఓకే, కానివ్వండి". దానికి గంటన్నర పైన ముందు వెళ్ళిన 30వ మెయిల్, ఏదైనా తేడా వస్తే పాత సర్వర్‌కి తిరిగి వెళ్ళే ప్లాన్ గురించి. అంటే ఆ ప్లాన్‌కి ఓకే అన్నాడనే కదా అర్థం? మా టీమ్ అంతా ఆరు రోజులుగా అదే నమ్మకంతో ఉంది. కానీ In-Reply-To లో ఉన్నది 27వ మెయిల్. అది ఫైర్‌వాల్‌లో పోర్ట్ తెరవమని అడిగిన మెయిల్. ఆయన ఓకే అన్నది పోర్ట్‌కి!

ఇక్కడ కాస్త ఆగాలి. హెడర్ చెప్పిందే వేదం అని నేననట్లేదు. ఆ టైముకి ఏ మెయిల్ తెరిచి ఉంటే దానిమీదే రిప్లై కొట్టేసే మహానుభావులు ఉంటారు. కానీ అనుమానం ఉన్న ఓకేని నిర్ణయాల్లో రాయకూడదు. నిర్ణయం అన్నాక దేనికి, ఎవరు, ఏ రోజు, ఏ మెయిల్లో అన్న నాలుగూ ఉండాలి. ఒక్కటి తగ్గినా అది ప్రశ్నే. అలా జల్లెడ పడితే అందరూ "ఫైనలైజ్ అయిపోయాయి" అంటున్న ఎనిమిదింట్లో నిలబడ్డవి నాలుగు. ఒకటి చూడండి:

"కటోవర్ నవంబరు 11, శనివారం. చెప్పింది క్లయింట్ మేనేజర్, నవంబరు 3, మెయిల్ 38. నవంబరు 1న 14వ మెయిల్లో అనుకున్న 4వ తేదీ రద్దు."

రద్దయినదాన్ని కూడా ఎందుకు రాయడం అంటారా? మా గదికి కింద ఒక లేత్ మెషిన్ షాపుంది. బాలానగర్ అంటేనే అలాంటి షాపులు కదా. అక్కడ డ్రాయింగ్ మారితే అన్న పాతదాన్ని చింపెయ్యడు. అడ్డంగా గీత కొట్టి, తేదీ వేసి, కొత్తదానికి తగిలిస్తాడు. ఎందుకన్నా అని అడిగితే, "పాతది చూసినోడు ఎవడో ఒకడు మళ్ళీ వస్తాడు తమ్ముడూ, ఆడికి చూపియ్యాలె" అన్నాడు. మన దగ్గర 14వ మెయిల్ దాకా చదివి ఆపేసినవాళ్ళు కనీసం ఆరుగురు ఉంటారు.

ఇక మూడోది, తేలనివి. ఇది రాయడానికే ఎక్కువ టైము పట్టింది, ఎందుకంటే థ్రెడ్డు స్వభావమే ప్రశ్నల్ని పూడ్చెయ్యడం. ప్రశ్న వస్తుంది, జవాబు రాకముందే ఇంకో మంట వస్తుంది, అందరూ అటు పరిగెడతారు. ప్రశ్న గుర్తున్న ప్రతి వాక్యాన్నీ వెతికి, దానికి జవాబెక్కడుందో రాసుకుంటూ పోయా. అలా దొరికింది 22వ మెయిల్. నవంబరు 1న మా టీమ్ అమ్మాయి ఒకరు రాసింది: "5వ తేదీన అక్కడ గడియారం వెనక్కి తిప్పుతారు కదా, మన 8 గంటల జాబ్ టైము మార్చాలా?" నాలుగు నిమిషాల్లో 23వ మెయిల్ వచ్చింది, పోర్ట్ కనెక్ట్ అవట్లేదని స్క్రీన్‌షాట్‌తో. ఆ తర్వాత పదిహేను మెయిల్స్ దాకా చర్చంతా పోర్టూ తేదీల చుట్టూనే. ఆమెకి జవాబు ఇవ్వాళ్టికీ లేదు.

లెక్క చూడండి. ఫైల్ వచ్చేది టెక్సాస్‌లో రాత్రి 9 గంటలకి. అక్టోబరులో వాళ్ళకీ మనకీ తేడా పదిన్నర గంటలు, అంటే మనకి పొద్దున 7:30. 2023లో నవంబరు 5 ఆదివారం వాళ్ళు గడియారం గంట వెనక్కి తిప్పారు. తేడా పదకొండున్నర గంటలైంది, ఫైల్ వచ్చేది 8:30కి. పాత సర్వర్‌లో ఫైల్ వచ్చేదాకా జాబ్ కాచుకుని కూర్చునేది. కొత్తదాంట్లో సరిగ్గా 8కి మొదలవుతుంది. మరి టెస్టింగ్‌లో దొరకలేదా అంటే, టెస్టింగ్ చేసింది 5వ తేదీకి ముందే. అప్పుడు ఫైల్ 7:30కే వచ్చేది, అన్నీ పాసయ్యాయి. పైగా క్లయింట్ అక్టోబరులోనే "9 PM CST" అని రాశాడు. చలికాలపు టైము పేరది, అక్టోబరులో వాళ్ళు ఉండేది CDT లో. దాంతో ఆ మెయిల్ చదివినవాళ్ళలో సగం మంది 7:30 అనీ, సగం మంది 8:30 అనీ అనుకున్నారు.

మూడు గంటలు కూర్చుని ఒకటిన్నర పేజీ తయారుచేశా. 9 వరసల టైమ్‌లైన్, 4 నిర్ణయాలు, 5 ప్రశ్నలు. టీఎల్ చూసి, "బావుంది. కానీ ఈ కింద ఉన్న ప్రశ్నలు తీసెయ్. మనకే తెలీదని క్లయింట్‌కి మనమే రాసిచ్చినట్టుంది" అన్నాడు.

తీసేశా.

ఆయన్ని తిట్టి చేతులు దులుపుకోలేను. డిలీట్ నొక్కింది నేను. ఆ ఐదూ విడిగా ఒక మెయిల్లో పెట్టడానికి ఐదు నిమిషాలు పట్టేది, పెట్టలేదు. పండక్కి ఇంటికెళ్ళాలి మరి!

11న కటోవర్ జరిగింది. నవంబరు 14 మంగళవారం పొద్దున 8కి జాబ్ మొదలైంది. ఆ రోజు ఫైల్ లేదు. ఫైల్ లేకపోతే సున్నా రికార్డులు అనుకుని, "సక్సెస్" అని పచ్చరంగులో చూపించి ఆగిపోయింది. బుధవారమూ అంతే. గడువు ఆఖరి రోజున డబ్బు కట్టినవాళ్ళకి "మీరు కట్టలేదు, పాలసీ రద్దవుతోంది" అని నోటీసులు వెళ్ళాయి. గురువారం క్లయింట్ నుంచి ఫోను. దాని మీద ఇంకో 41 మెయిల్స్. అందులో మొట్టమొదటిది ఎలా మొదలైందో చెప్పాలా? "ట్రెయిల్ మెయిల్ చూడండి" :)

రిపేరు చిన్నదే. షెడ్యూల్‌ని America/Chicago టైమ్ జోన్‌కి కట్టారు, ఫైల్ లేకపోతే జాబ్ ఫెయిల్ అయ్యేలా మార్చారు. ఒక పూట పని.

2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా ప్రయాణించిన కొలంబియా కూలిపోయాక, ఆ ఆగస్టులో విచారణ బోర్డు నివేదిక వచ్చింది. దాని ఆరో అధ్యాయంలో ఇలాంటి పట్టికే ఒకటుంది. దెబ్బ తగిలిన రెక్కని ఫోటో తీయించమని మూడుసార్లు అడిగారని, ఎనిమిది అవకాశాలు జారిపోయాయని, ఏది ఏ రోజున ఎలా ఆగిందో వరసగా రాశారు. నా నోటీసుల గొడవకీ దానికీ పోలిక పెట్టే పొగరు నాకు లేదు. నేను గమనించింది ఒక్కటే, ఆ పట్టిక తయారైంది మనుషులు పోయాక. అందులోని తేదీలూ అడిగినవాళ్ళూ అంతా ముందే మెయిల్స్‌లో, మీటింగుల్లో ఉన్నవే.

"ఇంత టైమెవడికుంది?" అంటారు. నాకు మూడు గంటలు పట్టింది, ఒప్పుకుంటా. 19 మంది ఆ 74 మెయిల్స్‌నీ తలా అరగంట తిప్పితే తొమ్మిదిన్నర గంటలు, ఆ లెక్క మాత్రం ఎవరూ టైమ్‌షీట్‌లో రాయరు. "సగం నిర్ణయాలు కాల్స్‌లో జరుగుతాయి, మెయిల్స్ చూసి ఏం లాభం?" అనేవాళ్ళు ఇంకొందరు. నిజమే, ఈ పద్ధతికి అందనిది అదే. అప్పుడు "2న కాల్ జరిగింది, ఏం తేలిందో ఎక్కడా లేదు" అని ప్రశ్నల్లో రాయండి. కానీ నన్నడిగితే అసలు భయం టైము గురించి కాదు. సమ్మరీలో ప్రతి నిర్ణయం పక్కనా ఒక పేరుంటుంది, ప్రతి ప్రశ్న పక్కనా ఒక ఖాళీ ఉంటుంది. ట్రెయిల్లో దాక్కోవచ్చు, ఇక్కడ కుదరదు.

ఇప్పుడు నేను పంపే సమ్మరీల్లో తేలని ప్రశ్నలు అన్నిటికంటే పైన ఉంటాయి, ఒక్కోదానికి జవాబు చెప్పాల్సిన మనిషి పేరుతో. తీసెయ్యమని ఇప్పటికి ఇద్దరు అడిగారు. "సరే, తీసెయ్యమన్నది మీరేనని మెయిల్లో రాయండి, తీసేస్తా" అన్నా. ఇంతవరకూ ఎవరూ రాయలేదు.

22వ మెయిల్ రాసిన అమ్మాయి ఆ గురువారం నా సీటు దగ్గరికొచ్చి, "నేను అడిగాను కదా" అంది. అంతే, ఇంకేం అనలేదు. దానికి మాత్రం నా దగ్గర ఇవ్వాళ్టికీ జవాబు లేదు.