నెలనెలా రాబడి కావలసినవారు డివిడెండు తీసుకోవాలా? గ్రోత్ ఎంచుకోవాలా?



పదవీ విరమణ నాడు ఒక్కసారిగా చేతికందిన సొమ్ము నెలనెలా ఇంటి ఖర్చుకు ఎలా అందాలి? మ్యూచువల్ ఫండ్ దరఖాస్తు నింపేటప్పుడు ఈ ప్రశ్న తప్పక ఎదురవుతుంది. వాటాల ఫండులో డివిడెండు పద్ధతి, గ్రోత్ పద్ధతి అని రెండున్నాయి. నెల ఖర్చుకు కావాలి గనుక డివిడెండే మేలని చాలామంది తలుస్తారు. ఈ నెల ఆ సంగతినే లెక్క వేసి చూద్దాము.

ఒక ఉపాధ్యాయుడు 10 లక్షల రూపాయలు ఫండులో వేశాడనుకొందాము. యూనిట్ ధర 50 రూపాయలు గనుక ఆయనకు 20,000 యూనిట్లు వచ్చాయి. ఏడాది గడిచేసరికి ధర 55 అయింది. ఆయనకు ఏటా 60,000, అంటే నెలకు 5,000 కావాలి.

డివిడెండు పద్ధతిలో ఫండు యూనిట్‌కు 3 రూపాయలు పంచితే 60,000 చేతికి వస్తుంది. అయితే ఆ రోజే యూనిట్ ధర 55 నుండి 52కు దిగుతుంది. గాదెలోని ధాన్యమే కొలిచి ఇచ్చారు గాని పైనుండి క్రొత్తది రాలేదన్నమాట. అందుకే 2021 ఏప్రిల్ నుండి సెబీ ఈ పద్ధతికి డివిడెండు అనే పేరు తీసివేసి, 'ఆదాయ పంపిణీతో పాటు మూలధనపు ఉపసంహరణ' అనే అర్థమిచ్చే పేరు పెట్టించింది. దరఖాస్తులో ఐ.డి.సి.డబ్ల్యు. అని కనిపించేది ఇదే. ఎంత పంచాలో, ఎప్పుడు పంచాలో ఫండే నిర్ణయిస్తుంది.

గ్రోత్ పద్ధతిలో ఫండు ఏమీ పంచదు. మనమే నెలకు 5,000 చొప్పున యూనిట్లు అమ్మి బ్యాంకు ఖాతాలో వేయమని ఒకసారి వ్రాసి ఇస్తాము. దీనిని సిస్టమాటిక్ విత్‌డ్రాయల్ ప్లాన్ అంటారు. ధర 55 ఉన్నప్పుడు 5,000కు సుమారు 91 యూనిట్లు అమ్ముడవుతాయి.

ఇక పన్ను సంగతి. 2020 ఏప్రిల్ నుండి డివిడెండు మొత్తమంతా తీసుకున్నవారి ఆదాయంలో కలుస్తుంది. మన ఉపాధ్యాయుడు 20 శాతం శ్లాబులో ఉంటే 60,000 మీద 12,000 పన్ను, దానిపైన సెస్సు కట్టాలి. అంతేగాక, ఒక ఫండు ఇచ్చే డివిడెండు ఏడాదికి 10,000 దాటితే 10 శాతం ముందుగానే కోసుకొని ఇస్తారు. ఈ 10,000 పరిమితి 2025 ఏప్రిల్ నుండి వచ్చింది.

గ్రోత్‌లో పన్ను లాభము మీదనే. 50కి కొన్న యూనిట్‌ను 55కు అమ్మితే లాభము 5 రూపాయలే. ధర ఏడాది పొడుగునా 55గానే ఉంటే, తీసుకున్న 60,000లో లాభము సుమారు 5,450 మాత్రమే, మిగిలినదంతా ఆయన అసలే. ఏడాదికి మించి ఉంచిన వాటాల ఫండుపై, సంవత్సరానికి 1,25,000 వరకు లాభానికి పన్ను లేదు. అంతకు మించినదానిపై 2024 జూలై 23 నుండి 12.5 శాతం. గనుక ఆయనకు వేరే ఇలాంటి లాభాలు లేకుంటే ఒక్క రూపాయి పన్ను లేదు. ఏడాదిలోపే అమ్మితే మాత్రం లాభముపై 20 శాతము పన్ను. అనేక ఫండులు 1 శాతం రుసుము కూడ పట్టుకుంటాయి. కాబట్టి మొదటి ఏడాది ఖర్చును వేరే డిపాజిట్టులో ఉంచుకోవాలి.

అయితే ఈ తేడా అందరికీ ఒక్కటి కాదు. 2025–26 నుండి క్రొత్త పన్ను పద్ధతిలో మొత్తము ఆదాయం 12 లక్షలు దాటనివారికి రిబేటు ఉన్నది గనుక డివిడెండుపై కూడ పన్ను పడదు. ముందు కోసుకున్నది రిటర్ను దాఖలు చేసి తిరిగి పొందవచ్చును. అలాంటివారు పన్ను కొరకు గ్రోత్‌కు పరుగెత్తనక్కరలేదు.

గ్రోత్‌కు ఒక ప్రమాదమున్నది. ధర 40కి పడిపోతే, అదే 5,000 కొరకు 91 కాదు, 125 యూనిట్లు అమ్మాలి. అలా అమ్మినవి ధర మళ్ళీ పెరిగినప్పుడు మన దగ్గర ఉండవు. పన్నాగం తెలియని శత్రువు వంటిదిది. స్టేట్‌మెంటులో రూపాయలు గాక, మిగిలిన యూనిట్ల సంఖ్య చూచినప్పుడే కనబడుతుంది. దీనికి మందు, రెండేండ్ల ఖర్చు బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఉంచుకొని, మార్కెట్టు పడిన కాలములో అమ్మకము ఆపి దానిని వాడుకోవడమే.

డివిడెండు ఇచ్చే కంపెనీ వాటాలను నేరుగా కొంటే ఈ బాధ తప్పుతుందా అంటే, అదీ నమ్మకము కాదు. 2020 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు, 2019–20 లాభాలలో నుండి ఇక డివిడెండు ఇవ్వవద్దని బ్యాంకులను ఆదేశించింది. బ్యాంకు వాటాల రాబడి మీదనే ఇల్లు నడుపుకొనేవారికి ఆ ఏడు చేయి ఖాళీ అయినది.

గనుక సంతకము చేయకముందు మూడు సంగతులు కాగితముపై వ్రాసి చూచుకొనండి: మీ పన్ను శ్లాబు ఎంత, నెలకు తప్పక కావలసిన మొత్తమెంత, మార్కెట్టు పడితే రెండేండ్లు గడిపే సొమ్ము వేరుగా ఉన్నదా. మూడవదానికి జవాబు లేదని వస్తే, అది ఉన్నంతమేరకు డిపాజిట్టులో పెట్టి, మిగిలినదానినే ఫండులో వేయండి.